గోదాములో తేమ రీడింగు తక్కువగా ఎందుకు వస్తోంది: ఆర్డునో, డీహెచ్‌టీ22, ఒక చిన్న డ్యాష్‌బోర్డు

ప్రశ్న: నమస్కారమండీ. విశాఖపట్నం పూర్ణా మార్కెట్ దగ్గర మాకు జీడిపప్పు, మసాలా దినుసుల గోదాము ఉంది. ఆర్డునో యూనో ఆర్4 వైఫై బోర్డు, డీహెచ్‌టీ22 సెన్సార్ ఒకే ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, రీడింగులు థింగ్‌స్పీక్ వెబ్‌సైటుకు పంపుతున్నాను. గోడ మీది డిజిటల్ మీటరు 29 డిగ్రీలు, 80 శాతం చూపిస్తుంటే నాది 32 డిగ్రీలు, 67 శాతం చూపిస్తోంది. మధ్యమధ్యలో గ్రాఫు సున్నాకు పడిపోతోంది. ఉదయం 6 గంటల రీడింగు అర్ధరాత్రి 12:30 అని కనిపిస్తోంది. సెన్సార్ పాడైందా? ఎస్‌హెచ్‌టీ31 సెన్సార్ కొనమంటారా? కోడు జత చేశాను.

సమాధానం:

మీ సెన్సార్ పాడైనట్టు నాకు అనిపించడం లేదు. ఎస్‌హెచ్‌టీ31 కొని అదే పెట్టెలో అదే చోట పెట్టినా, అది కూడా ఇంచుమించు 32 డిగ్రీలు, 67 శాతమే చూపిస్తుంది. మీరు రాసిన నాలుగు అంకెల్లోనే దీనికి ఆధారం ఉంది కాబట్టి, కొత్త సామాను కొనే ముందు ఆ లెక్క చూద్దాం.

తేమ సెన్సార్ ఇచ్చే శాతం గాలిలో ఎంత నీటి ఆవిరి ఉందో నేరుగా చెప్పదు. సెన్సార్ ఉన్న చోటి ఉష్ణోగ్రత వద్ద గాలి గరిష్ఠంగా ఎంత ఆవిరిని పట్టుకోగలదో, అందులో ఇప్పుడు ఎంత వంతు ఉందో చెబుతుంది. వేడెక్కిన కొద్దీ ఆ గరిష్ఠం వేగంగా పెరుగుతుంది. 29 డిగ్రీల వద్ద ఆ గరిష్ఠం, అంటే సంతృప్త ఆవిరి పీడనం, సుమారు 40 హెక్టోపాస్కల్స్ అయితే, 32 డిగ్రీల వద్ద అది సుమారు 47.5. మీ గోదాములో నిజంగా 29 డిగ్రీలు, 80 శాతం ఉంటే ఆవిరి పీడనం 40లో 80 శాతం, అంటే 32 హెక్టోపాస్కల్స్. ఆ గాలే మీ పెట్టెలోకి వచ్చి, బోర్డు వేడికి 32 డిగ్రీలకు చేరిందనుకోండి. ఆవిరి మారలేదు, హద్దు మాత్రం 47.5కు పెరిగింది. 32ను 47.5తో భాగిస్తే వచ్చేది 67 శాతం. మీ స్క్రీను మీద కనిపిస్తున్నది సరిగ్గా అదే. అంటే సెన్సార్ తానున్న చోటి సంగతి నిజమే చెబుతోంది, తానున్న చోటే గోదాముకు ప్రతినిధి కాదు.

ఈ తేడాను ప్రతిసారీ కాగితం మీద లెక్క వేయనక్కరలేకుండా పట్టుకోవడానికి డ్యూ పాయింట్ ఉపయోగపడుతుంది. గాలిని ఎంతవరకు చల్లారిస్తే అందులోని ఆవిరి నీటి బొట్లుగా మారడం మొదలుపెడుతుందో ఆ ఉష్ణోగ్రతే డ్యూ పాయింట్. అది ఆవిరి పరిమాణాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, సెన్సార్‌ను కాస్త వేడి చేసినంత మాత్రాన మారదు. ఈ చిన్న ఫంక్షన్‌ను మీ స్కెచ్‌లో చేర్చండి.

```cpp
float dewPoint(float t, float h) {
  float g = log(h / 100.0) + 17.62 * t / (243.12 + t);
  return 243.12 * g / (17.62 - g);
}
```

గోడ మీటరు అంకెలు 29, 80 ఇస్తే 25.2 డిగ్రీలు వస్తుంది. మీ సెన్సార్ అంకెలు 32, 67.4 ఇచ్చినా 25.2 డిగ్రీలే వస్తుంది. రెండు పరికరాల డ్యూ పాయింట్లు ఒక డిగ్రీ లోపు కలిస్తే, అవి చూస్తున్నది ఒకే గాలి అని, తేడా వేడి వల్లనే వచ్చిందని ధైర్యంగా అనుకోవచ్చు. ఈ స్థితిలో తేమ 2 శాతం తప్పితే డ్యూ పాయింట్ సుమారు 0.4 డిగ్రీ మాత్రమే మారుతుంది. డీహెచ్‌టీ22కు తయారీదారులు చెప్పే సాధారణ ఖచ్చితత్వం ప్లస్ లేదా మైనస్ 2 శాతం, అర డిగ్రీ కాబట్టి, ఒక డిగ్రీ లోపు తేడాను పట్టించుకోనక్కరలేదు. అలా కాక ఉష్ణోగ్రతలు కలిసి డ్యూ పాయింట్లు రెండు మూడు డిగ్రీలు ఎడంగా ఉంటే, అప్పుడు రెంటిలో ఒక పరికరం తేమ కొలవడంలో తప్పు చేస్తోందని అర్థం.

దీన్ని కళ్లతో చూడాలంటే ఇంకో తేలిక మార్గం ఉంది. పెట్టెకు కరెంటు తీసేసి ఒక గంట చల్లారనివ్వండి, మళ్లీ ఆన్ చేసి సీరియల్ మానిటర్‌లో మొదటి రీడింగు నుంచి చూడండి. మొదట 29 దగ్గర, 80 దగ్గర మొదలై, తరువాతి అరగంటలో ఉష్ణోగ్రత మెల్లగా పైకి, తేమ మెల్లగా కిందికి జరిగి, డ్యూ పాయింట్ గీత మాత్రం అడ్డంగా కదలకుండా సాగితే ఇక అనుమానం అక్కరలేదు. మీ వీధిలో కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఈ పరీక్ష దానంతట అదే జరుగుతూనే ఉంటుంది. పాత గ్రాఫులో కరెంటు వచ్చిన వేళలు వెతికి చూడండి, బహుశా ఆ వంపు అక్కడ ఇప్పటికే ఉండి ఉంటుంది.

పరిష్కారం సెన్సార్‌ను పెట్టె బయటకు తీయడమే. పెట్టెకు నాలుగు చిల్లులు పెడితే చాలని కొందరు చెబుతారు. అప్పుడు తేడా మూడు డిగ్రీల నుంచి ఒకటిన్నరకు తగ్గవచ్చు గానీ పోదు, పైగా ఫ్యాను వేసినప్పుడు ఒకలా, ఆపినప్పుడు ఒకలా ఉంటుంది కాబట్టి కోడులో తీసేయడానికి ఒక స్థిరమైన అంకె కూడా దొరకదు. సెన్సార్‌ను ఒక మీటరు తీగతో బోర్డుకు దూరంగా, వీలైతే బోర్డు కంటే కిందికి తీసుకురండి, ఎందుకంటే బోర్డు వేడి గాలి పైకే పోతుంది. ఆ దూరానికి డీహెచ్‌టీ22 ఏ ఇబ్బందీ పెట్టదు. మీది మూడు కాళ్ల చిన్న బోర్డు మీద వచ్చిన మాడ్యూల్ అయితే డేటా తీగకు కావలసిన రెసిస్టర్ సాధారణంగా దాని మీదే ఉంటుంది. నాలుగు కాళ్ల విడి సెన్సార్ అయితే డేటా కాలికీ 5 వోల్టుల కాలికీ మధ్య 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ మీరే వేయాలి. అది లేకపోతే బల్ల మీద బాగానే పనిచేసి, తీగ పొడవు పెంచగానే రీడింగులు తప్పడం మొదలవుతుంది.

సెన్సార్‌ను గోదాములో ఎక్కడ వేలాడదీస్తారన్నది కూడా ముఖ్యమే. పైకప్పు రేకుల కింద పెడితే మధ్యాహ్నం ఆ వేడినే కొలుస్తారు. ఏసీ గాలి నేరుగా తగిలేచోట పెడితే గది కంటే చల్లగా చూపిస్తుంది. బస్తాలు ఉన్న ఎత్తులో, రెండు వరుసల మధ్య గాలి ఆడేచోట, గోడకు తగలకుండా వేలాడదీయడం సరైన పద్ధతి. మీది మసాలా గోదాము కాబట్టి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఈ సెన్సార్లలో తేమను పీల్చుకునేది ఒక పలుచని పాలిమర్ పొర, ఘాటైన ఆవిర్లు దానిలోకి చేరితే రీడింగు పక్కకు జరుగుతుంది. లవంగాల బస్తాకు ఆనించి పెట్టకండి. తీగ బయటకు తీసిన రంధ్రాన్ని వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ సీలెంట్‌తో మూయకండి, టేపు చాలు.

చోటు మార్చాక ఉష్ణోగ్రత గోడ మీటరుతో అర డిగ్రీ, ముప్పావు డిగ్రీ లోపు కలవాలి. అప్పుడు తేమ కూడా కలిసిందా అన్నది చూడాలి. కానీ గోడ మీటరు కూడా ఖరీదైన ప్రామాణిక పరికరం కాదు, దానిలోనూ ఇలాంటి సెన్సారే ఉంటుంది. మూడో సాక్షిగా వంటింటి ఉప్పును పిలవవచ్చు. ఒక సీసా మూతలో రెండు చెంచాల ఉప్పు వేసి, అది కరిగిపోకుండా తడి ఇసుకలా ఉండేంత వరకే నీటి చుక్కలు కలపండి. గట్టిగా మూతపడే డబ్బాలో ఆ మూతను, దానికి తగలకుండా సెన్సార్‌ను ఉంచి, తీగ బయటకు వచ్చేచోట టేపు చుట్టి, బోర్డును డబ్బా బయటే పెట్టి, ఒక రాత్రంతా వదిలేయండి. ఉప్పు, నీరు రెండూ ఉన్నంత కాలం ఆ డబ్బాలోని గాలి 25 డిగ్రీల వద్ద 75.3 శాతం, 30 డిగ్రీల వద్ద 75.1 శాతం తేమ దగ్గర నిలుస్తుంది. మన ఊళ్లో గదుల ఉష్ణోగ్రతకు ఈ అంకె 75 అని గుర్తుంచుకుంటే చాలు. డబ్బా మీద ఎండ పడకూడదు, ఆ రాత్రి గదిలో ఏసీ ఆన్, ఆఫ్ అవుతూ ఉండకూడదు, ఎందుకంటే ఉష్ణోగ్రత ఊగితే రీడింగు కూడా ఊగుతుంది.

తెల్లవారాక రీడింగు గంట సేపు కదలకుండా 78 దగ్గర ఉందనుకోండి, మీ సెన్సార్ 3 శాతం ఎక్కువ చూపిస్తోంది. కోడులో 3 తీసేయండి. ఈ సవరణ ఒక్క బిందువు దగ్గర చేసినదే, 30 శాతం తేమ దగ్గర అది సరిపోకపోవచ్చు. కానీ సముద్రపు గాలి తగిలే ఊళ్లో మీ గోదాము ఎక్కువ కాలం 65కూ 85కూ మధ్యనే ఉంటుంది కాబట్టి, 75 దగ్గర సరిచూసుకోవడం మీ అవసరానికి సరిగ్గా తగినది. తేడా 5 శాతం దాటితే అప్పుడు ఎస్‌హెచ్‌టీ31 సంగతి ఆలోచించండి. అది ఐ2సీ పద్ధతిలో మాట్లాడుతుంది, రీడింగులు తప్పడం తక్కువ, ఉష్ణోగ్రత ఖచ్చితత్వం మెరుగు. అయితే 80 శాతం పైన రోజుల తరబడి ఉంచితే ఈ జాతి సెన్సార్లన్నీ తాత్కాలికంగా కొద్ది శాతం ఎక్కువ చూపించడం మొదలుపెడతాయి, పొడిగాలి తగిలాక మెల్లగా సర్దుకుంటాయి. వానాకాలం చివర్లో ఉప్పు పరీక్ష ఇంకోసారి చేయమని నేను చెప్పేది అందుకే.

ఇక గ్రాఫు సున్నాకు పడిపోవడం. మీరు జత చేసిన కోడులో, సెన్సార్ నుంచి సమాధానం రానప్పుడు లైబ్రరీ ఇచ్చే `nan` విలువను మీరే సున్నాగా మార్చి పంపుతున్నారు. డీహెచ్‌టీ22 ప్రతి రీడింగును 40 బిట్లుగా, ఒకే తీగ మీద, మైక్రోసెకన్ల లెక్కన పంపుతుంది. ఒక్క బిట్ తారుమారైనా చివరి చెక్‌సమ్ సరిపోక లైబ్రరీ ఆ రీడింగును పారేస్తుంది. అప్పుడప్పుడూ ఇలా జరగడం మామూలే. కానీ దాన్ని సున్నాగా రాస్తే సరాసరి పాడవుతుంది. గంటకు 12 రీడింగుల్లో 11 సార్లు 80 వచ్చి, ఒకసారి సున్నా చేరితే గంట సరాసరి 73కు పడిపోతుంది, మీరు గోదాము పొడిగా ఉందనుకుంటారు. రీడింగు రాకపోతే ఆ గడిని ఖాళీగా వదిలేసి, ఎన్నిసార్లు తప్పిందో మాత్రం విడిగా పంపండి.

```cpp
float h = dht.readHumidity() + H_OFFSET;
float t = dht.readTemperature();
String q = "/update?api_key=" + String(KEY);
if (isnan(h) || isnan(t)) {
  fails++;
} else {
  q += "&field1=" + String(t, 1);
  q += "&field2=" + String(h, 1);
  q += "&field3=" + String(dewPoint(t, h), 1);
}
q += "&field4=" + String(fails);
```

పైన చెప్పిన ఉదాహరణ ప్రకారమైతే `H_OFFSET` విలువ `-3.0` అవుతుంది. నాలుగో ఫీల్డు గ్రాఫు రోజుకు ఒకటి రెండు మెట్లు ఎక్కితే వదిలేయండి. గంటకు పది మెట్లు ఎక్కుతుంటే తీగ, రెసిస్టర్, సోల్డరింగు చూడండి. ఉప్పుగాలికి కనెక్టర్ పిన్నులు నల్లబడి ఇలా అవడం తీరప్రాంతంలో చాలా మామూలు. అందుకే సెన్సార్ వైపు జంపర్ వైర్లు గుచ్చి వదిలేయకుండా సోల్డర్ చేయమంటాను. డీహెచ్‌టీ22 రెండు సెకన్లకు ఒకసారి కంటే వేగంగా కొత్త రీడింగు ఇవ్వదు, గోదాములో తేమ అంత వేగంగా మారదు కూడా. ఐదు నిమిషాలకు ఒకసారి పంపితే చాలు. థింగ్‌స్పీక్ ఉచిత ఖాతాలో రెండు అప్‌డేట్ల మధ్య కనీసం 15 సెకన్లు ఉండాలి, మీరు దానికి చాలా దూరంలో ఉంటారు.

పంపే భాగం చిన్నదే.

```cpp
if (WiFi.status() != WL_CONNECTED) WiFi.begin(SSID_NAME, PASS);
if (client.connect("api.thingspeak.com", 80)) {
  client.print(String("GET ") + q + " HTTP/1.1\r\n");
  client.print("Host: api.thingspeak.com\r\n");
  client.print("Connection: close\r\n\r\n");
}
```

మొదటి వరుసను తప్పకుండా `loop()` లోనే, పంపే ముందు పెట్టండి. మీ కోడులో వైఫై కలపడం `setup()` లో ఒక్కసారే జరుగుతోంది. కరెంటు పోయి వచ్చినప్పుడు బోర్డు కొద్ది సెకన్లలో లేస్తుంది, రౌటర్‌కు రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఈలోగా బోర్డు ప్రయత్నం చేసి విఫలమైతే, ఎవరో రీసెట్ నొక్కేదాకా అలాగే కూర్చుంటుంది. ఇంకో సంగతి, ఈ బోర్డు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి మాత్రమే కలుస్తుంది, కొత్త రౌటర్ పెట్టించినప్పుడు ఇది గుర్తుంచుకోండి. సర్వరు సమాధానం చివర ఒక అంకె వస్తుంది. అది పెరుగుతూ పోయే ఎంట్రీ సంఖ్య అయితే రీడింగు చేరినట్టు, `0` అయితే చేరనట్టు. సీరియల్ మానిటర్‌లో ఆ అంకెను ముద్రించుకుంటే లోపం సెన్సార్‌లో ఉందా, నెట్‌లో ఉందా అన్నది వెంటనే తేలిపోతుంది.

ఉదయం 6 గంటల రీడింగు అర్ధరాత్రి 12:30గా కనిపించడం లోపం కాదు. సర్వరు గ్రీన్‌విచ్ సమయం రాస్తోంది, మనకు దానికీ ఐదున్నర గంటల తేడా. మీ ఖాతా సెట్టింగుల్లో టైమ్ జోన్‌ను కోల్‌కతాకు మార్చండి. డేటాను మీరే ఇంకో పేజీలోకి తెచ్చుకుంటుంటే చిరునామా చివర `timezone=Asia/Kolkata` చేర్చండి. బోర్డులో గడియారం పెట్టి సమయం పంపాలని చూడకండి, ఐదు నిమిషాల రీడింగులకు సర్వరు వేసే ముద్రే నమ్మకమైనది. అన్నట్టు, మీరు జత చేసిన కోడులో రైట్ కీ అందరికీ కనిపిస్తోంది. దాన్ని పట్టుకుని ఎవరైనా మీ ఛానెల్‌లోకి అంకెలు రాయగలరు కాబట్టి ఈ రోజే కొత్త కీ తీసుకోండి.

డ్యాష్‌బోర్డు మీద ఏం పెట్టాలన్నది మీరు అడగలేదు గానీ, మీ సరుకు దృష్ట్యా చెప్పడం అవసరం. పెద్ద గుండ్రటి మీటరు బొమ్మలో తేమ శాతం ఒక్కటే పెడితే రెండు నష్టాలు. నెట్ పోయినప్పుడు కూడా అది చివరి అంకెనే ధీమాగా చూపిస్తూ ఉంటుంది, కాబట్టి పక్కనే చివరి రీడింగు ఎప్పుడు వచ్చిందో కనిపించాలి. రెండోది, గది మధ్యలోని శాతం బస్తా దగ్గరి శాతం కాదు. డ్యూ పాయింట్ 25.2 ఉన్న రోజున గది గాలి 29 డిగ్రీల వద్ద 80 శాతం ఉంటుంది. అదే గాలి నీడపట్టు కాంక్రీటు గోడను తాకి 27 డిగ్రీలకు చల్లారితే అక్కడ తేమ 90 శాతం అవుతుంది. గోడకు ఆనించిన జీడిపప్పు డబ్బాల అట్టపెట్టెలకు వెనకవైపే ముందు బూజు పట్టడానికి కారణం ఇదే. ఏసీ గదిలో 22 డిగ్రీల వద్ద ఉన్న డబ్బాను ఇదే గాలిలోకి తెచ్చి వెంటనే మూత తీస్తే లోపలి పప్పు మీద చెమ్మ పడుతుంది, ఎందుకంటే దాని ఉష్ణోగ్రత డ్యూ పాయింట్ కంటే తక్కువ.

కాబట్టి డ్యూ పాయింట్ గ్రాఫును పైన పెట్టి, రెండో డీహెచ్‌టీ22ను గోడకూ బస్తాలకూ మధ్య సందులో వేలాడదీసి, దాని తేమను ఐదో ఫీల్డుగా పంపండి. హెచ్చరిక పెట్టుకోవలసింది ఆ ఐదో ఫీల్డు మీద. అది 70 దాటి రోజంతా దిగకపోతే గోడ వైపు వరుసను జానెడు ముందుకు జరిపి గాలి ఆడనివ్వండి, అప్పటికీ దిగకపోతే డీహ్యుమిడిఫైయర్ వేయండి. తలుపులు తెరిచి గాలి ఆడించాలనుకుంటే మాత్రం ముందు బయటి గాలి డ్యూ పాయింట్ ఎంతో చూసుకోండి. అది లోపలి దాని కంటే ఎక్కువగా ఉన్నప్పుడు తెరిచిన ప్రతి తలుపూ గోదాములోకి నీళ్లు తెస్తుంది.